8.9 అని ఉత్తరంలో రాయలేం

మా క్లినిక్‌లో చంటి ఫైలు 11 పేజీలు. ఆఖరి పేజీ చివర ఎర్ర సిరాతో గీత గీసి, తేదీ, సమయం వేసి సంతకం పెట్టాను. చంటి చనిపోయిన నాలుగో రోజున వాళ్లింటికి ఒక పేజీ ఉత్తరం రాశాను. ఆ 11 పేజీల నిండా అంకెలే. ఉత్తరంలో అంకెలు దాదాపు లేవు. కానీ ఫైల్లోని అంకె ఒప్పుకోని మాట ఒక్కటి కూడా ఉత్తరంలోకి పోకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. ఆ నియమం ఎలా పనిచేస్తుందో ఈ కథనంలో చెబుతాను.

చంటి అసలు పేరు కాదు. ఇంటివాళ్ల ఆనవాళ్లు తెలియకుండా రెండు మూడు కేసుల వివరాలు ఒక్క కుక్కకు చేర్చి చెబుతున్నాను. అంకెల నడక మాత్రం ముసలి కుక్కల కిడ్నీ జబ్బులో మేం తరచూ చూసేదే. చంటి తెల్లటి స్పిట్జ్, మన ఊళ్లలో పమేరియన్ అని పిలుచుకునే రకం. వయసు 13 ఏళ్లు. ఇంట్లో రిటైరైన మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పెళ్లయి హైదరాబాద్‌లో ఉండే కూతురు, ఆమెకు ఆరేళ్ల పాప.

కుక్క పోయిన ఇంటికి ఉత్తరమో కార్డో పంపడం అమెరికా, బ్రిటన్ క్లినిక్‌లలో మామూలు. మన దగ్గర ఫోన్లో ఒక మాట, వాట్సాప్‌లో ఒక దండం, అంతే. రాయడానికి కూర్చుంటే ముందుగా కలం కిందికి నాలుగు వాక్యాలు వచ్చేస్తాయి. ఇది ముందే తెలిసే అవకాశం లేదు. మీరు చేయగలిగినదంతా చేశారు. సరైన సమయంలో నిర్ణయం తీసుకున్నారు. చంటి బాధ లేకుండా వెళ్లిపోయాడు. ఈ నాలుగూ ఏ కుక్కకైనా అతుకుతాయి. ఈ కుక్క విషయంలో నిజమా కాదా అని చూడాలంటే ఫైలు తెరవాలి. తెరిచాక వాటిలో ఒకటి అబద్ధమని తేలింది.

0.8, 1.3, 3.1: ముందే తెలిసే అవకాశం లేదా?

మాస్టారు చంటిని తీసుకొచ్చింది జబ్బని కాదు. "ఈ మధ్య నీళ్లు బాగా తాగుతున్నాడు డాక్టర్ గారూ, రాత్రుళ్లు ఇంట్లోనే పోసేస్తున్నాడు" అన్నారు. నీళ్లు బాగా తాగడం మంచిదే కదా, కిడ్నీలు శుభ్రపడతాయి కదా అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జరిగేది తిరగేసిన సంగతి. ఆరోగ్యమైన కిడ్నీ నీటిని వెనక్కి లాక్కుని మూత్రాన్ని చిక్కబరుస్తుంది. కిడ్నీ పనిలో మూడింట రెండు వంతులు పోయేసరికి ఆ శక్తి పోతుంది. మూత్రం పల్చగా, ఎక్కువగా పోతుంది. పోయినదాన్ని నింపుకోవడానికి కుక్క తాగుతుంది. ఇల్లు పాడవుతోందని నీళ్ల గిన్నె తీసేస్తే రెండు రోజుల్లో కుక్క పడిపోతుంది.

ఎంత తాగితే ఎక్కువ అన్నదానికి కొలత ఉంది. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు దాటితే పరీక్ష చేయించాలి. చంటి అప్పుడు 10 కిలోలు, అంటే హద్దు ఒక లీటరు. పొద్దున్నే లీటరు సీసా నింపి, గిన్నెలో అందులోంచే పోస్తూ, అయిపోతే మళ్లీ నింపుకుంటూ, మర్నాడు పొద్దుటికి ఎంత ఖర్చయిందో చూడమన్నాను. మూడు రోజులు చూసి మాస్టారు కాగితం మీద రాసుకొచ్చారు. 1,150, 1,200, 1,100. మూత్రం సాంద్రత 1.012 వచ్చింది. నీటి సాంద్రత 1.000 అనుకుంటే, కిడ్నీ ఏ పనీ చేయకుండా వదిలేసిన ద్రవం 1.008 నుంచి 1.012 మధ్య ఉంటుంది. ఆరోగ్యమైన కుక్క అవసరమైతే 1.030 దాటించగలదు.

రక్తంలో క్రియాటినిన్ 3.1. ఇది కండరాల్లో పుట్టే వ్యర్థం. కిడ్నీ దాన్ని వడగట్టి బయటికి పంపుతుంది. వడపోత సగానికి పడితే రక్తంలో క్రియాటినిన్ రెట్టింపవుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే జబ్బు ఎందుకు కనపడకుండా పెరుగుతుందో అర్థమవుతుంది. చంటికి ఎనిమిదేళ్ల వయసులో పన్ను తీసేటప్పుడు చేసిన పరీక్షలో క్రియాటినిన్ 0.8. దాన్ని నూరు శాతం పని అనుకుందాం. సగం పని పోతే 1.6 అవుతుంది. ముప్పావు పోతే 3.2. ఎనిమిదింట ఏడు వంతులు పోతే 6.4. మొదటి సగం కిడ్నీ పోయినప్పుడు అంకె కదిలింది 0.8 మాత్రమే. చివర్లో ఎనిమిదో వంతు పోయినప్పుడు ఏకంగా 3.2 ఎగబాకింది. జబ్బు అప్పుడే ముదిరిందని ఇంటివాళ్లకు అనిపిస్తుంది. నిజానికి అది ఏళ్ల నుంచి నడుస్తూనే ఉంది.

మామూలు ల్యాబ్ కాగితం మీద కుక్కకు 1.6 వరకు నార్మల్ అని అచ్చేసి ఉంది. అంటే చంటి సగం కిడ్నీ పోగొట్టుకున్నా ఆ కాగితం నార్మల్ అనే చెబుతుంది. ఐరిస్ అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంఘం కుక్కల జబ్బును నాలుగు దశలుగా విభజించింది. క్రియాటినిన్ 1.4 లోపు మొదటి దశ, 2.8 వరకు రెండోది, 5.0 వరకు మూడోది, ఆ పైన నాలుగోది. కుక్క నీరసించి ఒంట్లో నీరు తగ్గినప్పుడు తీసిన అంకెతో దశ నిర్ణయించకూడదు. కోలుకున్నాక కనీసం రెండుసార్లు చూడాలి. చంటికి రెండు వారాల తేడాతో 3.1, 3.0 వచ్చాయి. మూడో దశ.

ఫైలు వెనక్కి తిప్పితే ఇంకో కాగితం దొరికింది. రెండేళ్ల కిందట చర్మం జబ్బుకు వచ్చినప్పుడు నేనే చేయించిన రక్తపరీక్ష. క్రియాటినిన్ 1.3. పక్కన నార్మల్ అని టిక్కు పెట్టింది నేనే. ల్యాబ్ హద్దుతో పోలిస్తే నార్మలే. చంటి పాత అంకెతో పోలిస్తే కాదు. 0.8ని 1.3తో భాగిస్తే 0.62. అంటే అప్పటికే దాదాపు 40 శాతం పని పోయి ఉండవచ్చు. ఒక్క పరీక్షతో తేల్చేయలేం, ఆ రోజు ఒంట్లో నీరు తక్కువై ఉండవచ్చు, ల్యాబ్ మారి ఉండవచ్చు. కానీ రెండు మూడు నెలల్లో మళ్లీ చూడాల్సింది, మూత్రం పరీక్ష చేయించాల్సింది. నేను చేయించలేదు.

అప్పుడు పట్టుకుని ఉంటే జబ్బు నయమయ్యేదా అంటే, లేదు. పోయిన కిడ్నీ భాగం తిరిగి రాదు. కానీ రెండో దశలోకి అడుగు పెట్టిన రోజునే ఆహారం మార్చి ఉండేవాళ్లం. దానివల్ల ఎన్ని నెలలు కలిసొచ్చేవో లెక్క కట్టడం సాధ్యం కాదు, సున్నా అని చెప్పడం మాత్రం తప్పు. అందుకని 'ముందే తెలిసే అవకాశం లేదు' అన్న వాక్యం కొట్టేశాను.

11 నెలలు, 2 నెలలు: చేయగలిగినదంతా చేశారా?

మాస్టారి భార్యకు పట్టుకున్న బెంగ వేరు. "రోజూ పెరుగన్నం పెట్టాను, దానివల్లే అయిందేమో" అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు తేలిక. పెరుగన్నం కిడ్నీలను పాడుచేయదు. కిడ్నీలు దెబ్బతిన్నాక మాత్రం ఆహారంలో ఫాస్ఫరస్ తగ్గించాలి, ఎందుకంటే బయటికి పోలేని ఫాస్ఫరస్ మిగిలిన కిడ్నీని ఇంకా త్వరగా తినేస్తుంది. అన్నంలో ఫాస్ఫరస్ తక్కువ. నూరు గ్రాముల పెరుగులో సుమారు 100 మిల్లీగ్రాములు ఉంటుంది, కోడిమాంసంలో దానికి రెట్టింపు. గుడ్డులో తేడా మరీ స్పష్టం. పచ్చసొనలో నూరు గ్రాములకు 400 దరిదాపుల్లో ఉంటే, తెల్లసొనలో 15 మించదు.

ఆ లెక్క మీద చంటి వంట మారింది. అన్నం, ఉడికించిన తెల్లసొన, కొద్దిగా కోడిమాంసం, బలానికి చెంచాడు నూనె. ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టేసే మందు ఒకటి ఇచ్చాం. అది అన్నంలో కలిపి పెడితేనే పనిచేస్తుంది, పరగడుపున వేసినా వేయనట్టే, ఫలితం ఉండదు. 170 ఉన్న బీపీకి రోజుకో మాత్ర. ఆరు వారాల్లో ఫాస్ఫరస్ 6.2 నుంచి 4.8కి దిగింది. మూడో దశలో మేం కోరుకునేది 5.0 లోపు. బీపీ 145కి వచ్చింది.

ఈ వంట వృథా శ్రమ కాదనడానికి ఆధారం ఉంది. 2002లో అమెరికాలో కిడ్నీ జబ్బున్న 38 కుక్కల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కిడ్నీ ఆహారం, ఇంకో గుంపుకు మామూలు ఆహారం పెట్టి చూశారు. బతికిన కాలంలో మధ్య విలువ మొదటి గుంపుకు 594 రోజులు, రెండో గుంపుకు 188 రోజులు. చిన్న గుంపులే, కానీ తేడా పెద్దది.

ఏ దశలో ఎంతకాలం అన్నదానికి 2011లో అచ్చయిన మరో అమెరికన్ అధ్యయనం ఉంది. అందులో మధ్య విలువ రెండో దశ కుక్కలకు సుమారు 15 నెలలు, మూడో దశకు 11, నాలుగో దశకు 2. మధ్య విలువ అంటే సగం కుక్కలు అంతకన్నా ముందే పోయాయి, సగం ఆ తర్వాత. ఈ అంకెలు చెప్పేటప్పుడు ఇంటివాళ్లకు నేను ఇంకో మాట కూడా చెబుతాను. ఇలాంటి అధ్యయనాల్లో చాలా కుక్కలు వాటంతట అవి చనిపోవు, ఇంటివాళ్లు, డాక్టరు కలిసి నిర్ణయించి పంపించేస్తారు. కాబట్టి ఆ నెలలు కొలిచేది జబ్బు వేగాన్ని మాత్రమే కాదు, మనుషులు ఎంతవరకు ఓర్చుకున్నారన్నది కూడా.

చంటి మూడో దశలో పట్టుబడ్డాక పది నెలలు బతికాడు. ఎనిమిదో నెలలో క్రియాటినిన్ 5.4 అయింది, నాలుగో దశ. పదో నెలలో నాలుగు రోజులు ఏమీ తినక, వాంతులతో వచ్చాడు. నోరు తెరిస్తే అమ్మోనియా వాసన, చిగుళ్ల మీద పుండ్లు. బరువు 7.6 కిలోలు. క్రియాటినిన్ 8.9. రక్తంలో ఎర్రకణాల వాటా 18 శాతం. 37కి తగ్గకూడదు. ఎముక మూలుగకు రక్తం తయారు చేయమని చెప్పే హార్మోను కిడ్నీలోనే పుడుతుంది, ఆ కబురు ఆగిపోయిందన్నమాట.

అప్పుడు చేయగలిగిన పరీక్ష ఒకటి మిగిలి ఉంది. క్రియాటినిన్ పెరిగినదాంట్లో కొంత ఒంట్లో నీరు తగ్గినందువల్ల కావచ్చు. సెలైన్ ఎక్కించి చూస్తే ఆ కొంత దిగుతుంది, మిగిలింది కిడ్నీది. మూడు రోజులు సెలైన్ పెట్టాం. 8.9 కాస్తా 8.1 అయింది. ఏ ఐదుకో దిగితే ఇంటికి పంపి, అంతకుముందులాగే ఇంట్లో చర్మం కింద సెలైన్ ఇచ్చుకుంటూ ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేవాళ్లం. 0.8ని 8.1తో భాగిస్తే పదో వంతు. కండ కరిగిపోయిన కుక్కలో క్రియాటినిన్ పుట్టడమే తగ్గుతుంది కనుక నిజంగా మిగిలింది అంతకన్నా తక్కువే.

"డయాలసిస్ ఉంటుందటగా?" అని కూతురు అడిగింది. ఉంది, చెన్నైలో మద్రాసు పశువైద్య కళాశాల లాంటి కొన్నిచోట్ల చేస్తారు. ఎలుకల మూత్రం నుంచి సోకే లెప్టోస్పైరా లాంటి వాటితో కిడ్నీ హఠాత్తుగా ఆగిపోతే, అది మళ్లీ అందుకునే దాకా డయాలసిస్ ప్రాణం నిలబెడుతుంది. చంటి కిడ్నీలు అలసి ఆగినవి కావు, ముడుచుకుపోయి గట్టిపడినవి. వాటికి వారానికి రెండు మూడుసార్లు చొప్పున బతికినన్నాళ్లూ చేయాలి. ఏడున్నర కిలోల కుక్కను, అంత తక్కువ రక్తంతో, అంత దూరం తిప్పాలి. చేయవచ్చన్నది నిజమే, చంటికి మేలన్నది మాత్రం కాదు. రెండో వాక్యం ఉంచాను, చిన్న మార్పుతో. 'చేయగలిగినదంతా' తీసేసి, వాళ్లు నిజంగా ఏం చేశారో రాశాను.

31, 19: తొందరపడ్డారా?

నిర్ణయానికి ల్యాబ్ అంకె చాలదు. క్రియాటినిన్ 7 ఉండి తోక ఊపుతూ తినే కుక్కల్ని చూశాను, 5 దగ్గరే లేవలేని వాటినీ చూశాను. అందుకని కుక్క రోజు ఎలా గడుస్తోందో కొలిచే పట్టిక ఒకటి వాడతాం. అమెరికాలో ముసలి, క్యాన్సర్ జంతువులకు వైద్యం చేసే డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ తయారుచేసింది. ఏడు ప్రశ్నలు. నొప్పి అదుపులో ఉందా, తింటోందా, ఒంట్లో నీరు నిలుస్తోందా, శుభ్రంగా ఉందా, సంతోషంగా ఉందా, నడవగలుగుతోందా, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా. ఒక్కోదానికి పదికి మార్కులు. మొత్తం 70లో 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు.

దంపతులిద్దరినీ వేరువేరుగా మార్కులు వేయమన్నాను. మాస్టారు 31 వేశారు. భార్య 19. పదమూడేళ్లు ఒకే కుక్కను చూసిన ఇద్దరికి 12 మార్కుల తేడా ఎక్కడ వచ్చిందని విడదీస్తే రెండు ప్రశ్నల్లో బయటపడింది. శుభ్రతకు మాస్టారు 7 వేశారు, ఆమె 2. సంతోషానికి ఆయన 7, ఆమె 2. మిగతా అయిదింటిలో తేడా రెండే మార్కులు. రాత్రి రెండింటికి లేచి వాంతి తుడిచేది ఆమె. సాయంత్రం వీధి అరుగు మీద కూర్చున్నప్పుడు పక్కన చేరి తల ఆనించేది మాస్టారికి. ఇద్దరూ చూసింది చూసినట్టే వేశారు. ఈ పట్టిక థర్మామీటర్ లాంటిది కాదు, వేసే మనిషిని బట్టి అంకె మారుతుంది. అందుకే ఒక్కరితో వేయించను. ఈసారి ఇద్దరి అంకెలూ 35కి కిందే ఉన్నాయి.

ఇంకో సాక్ష్యం వాళ్లింటి గోడ మీద ఉంది. మంచి రోజుకు టిక్కు, చెడ్డ రోజుకు ఇంటూ పెట్టమని నాలుగో దశ మొదలవగానే చెప్పాను. మాస్టారు తెలుగు క్యాలెండర్లో తిథుల పక్కన పెట్టుకొచ్చారు. మొదటి నెలలో ఇంటూలు 6. ఆఖరి 14 రోజుల్లో 11. ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "లెక్క మీరే చూడండి" అన్నారు. నేను చూసే లోపే ఆయన చూసుకున్నారని తెలుస్తూనే ఉంది.

ఇంకో వారం ఆగి ఉంటే? ఆ దశలో జరిగేది మాకు తెలుసు. వాంతులు, నెత్తురు విరేచనాలు, కొన్నిటికి మూర్ఛ, ఆ తర్వాత స్పృహ పోవడం. తనంతట తాను నిద్రలో పోతుందని ఎదురుచూసేవాళ్లు చాలామంది, కిడ్నీ జబ్బులో అలా పోవడం తక్కువ. మూడో వాక్యం నిలిచింది. అయితే 'సరైన సమయం' అనే మాట తీసేశాను. సరైన గంట అంటూ ఒకటి ఉండదు. ఆ వారంలో ఏ రోజైనా సరైనదే అయ్యేది, తర్వాతి వారం మాత్రం ఆలస్యమయ్యేది. ఉత్తరంలో అదే రాశాను.

30 సెకన్లు: బాధపడ్డాడా?

సాయంత్రం అయిదు గంటలకు, మిగతా కేసులు లేని సమయంలో పిలిచాను. ఒప్పుకోలు కాగితం మీద సంతకం, బిల్లు ముందే అయిపోవాలి. తర్వాత ఏడుస్తున్నవాళ్ల ముందు కౌంటర్లో ఆ పని పెట్టకూడదు. నీరు తగ్గిన ముసలి కుక్క నరం దొరకడం కష్టం కనుక కాన్యులాను పొద్దున్నే ముందుకాలికి పెట్టి ఉంచాను. మొదట మగతకు ఒక ఇంజెక్షన్. పది నిమిషాల్లో చంటి తల కూతురి ఒడిలో వాలింది. ఆ తర్వాత నరంలోకి బార్బిట్యురేట్ జాతి మత్తుమందు, ఆపరేషన్‌కు వాడే మోతాదుకు ఎన్నో రెట్లు.

ఈ మందు పనిచేసే క్రమం ఇంటివాళ్లకు ముందే చెప్పాలి. మొదట మెదడు పైపొర ఆగుతుంది, అంటే తెలివి, నొప్పి తెలియడం పోతాయి. దీనికి మామూలుగా 30 సెకన్ల లోపే పడుతుంది. తర్వాత శ్వాసను నడిపే భాగం, చివరికి గుండె. రక్తప్రసరణ మందగించిన కుక్కలో ఇవి ఇంకొంచెం నెమ్మదిస్తాయి. చంటి గుండె ఆగడానికి సుమారు రెండు నిమిషాలు పట్టింది. ఆగాక కూడా స్టెతస్కోప్ తీయకుండా అయిదు నిమిషాలు విని, కనుగుడ్డు తాకి చూసి, అప్పుడు చెప్పాను.

చెప్పాల్సినవన్నీ చెప్పాను, కళ్లు మూసుకోవని, మూత్రం పడవచ్చని. ఒకటి మర్చిపోయాను. ఊపిరి ఆగిన కాసేపటికి చంటి ఒక్కసారి పెద్దగా నోరు తెరిచి గాలి పీల్చాడు. కూతురు ఉలిక్కిపడి, "ఇంకా ఉన్నాడు!" అంది. అది ప్రాణం తిరిగి రావడం కాదు. మెదడు కాండం చివరగా ఆగిపోతూ ఛాతీ కండరాలకు పంపే ఒక అదురు. అప్పటికే తెలివి పోయి చాలాసేపయింది కనుక దాన్ని అనుభవించడానికి చంటి అక్కడ లేడు. ముందు చెప్పి ఉంటే ఆమె ఆ క్షణాన్ని అలా మోసుకుపోయేది కాదు. నాలుగో వాక్యం నిజమే. కాకపోతే 'బాధ లేకుండా పోయాడు' అని ఊరికే రాస్తే ఆమె నమ్మదు. ఆమె చూసిన ఆ ఒక్క ఊపిరి గురించి పేరుపెట్టి రాయాలి.

4వ రోజు: ఉత్తరం రాసే ముందు

ముందు చేయాల్సిన పని కంప్యూటర్లో ఉంది. చంటి పేరును టీకాల జాబితాలోంచి తీయించాను. లేకపోతే మూడు నెలల తర్వాత 'చంటికి రేబిస్ టీకా వేయించే సమయం వచ్చింది' అని ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఆ ఒక్క మెసేజ్ ఎంత మంచి ఉత్తరాన్నైనా చెరిపేస్తుంది.

ఇంకో జాగ్రత్త పాప కోసం. మేం మాటల్లో 'నిద్రపుచ్చాం' అంటాం. ఆరేళ్ల పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. చంటి ఎప్పుడు లేస్తాడని అడుగుతుంది, లేదా తాను పడుకోవడానికి భయపడుతుంది. ఉత్తరం పాపకు చదివి వినిపిస్తారని తెలుసు కనుక 'చనిపోయాడు' అనే రాశాను. 8.9 రాయలేదు. ఆ అంకె మాస్టారికి తెలుసు. మిగతావాళ్లకు అది ఏమీ చెప్పదు. రాసినదిది.

*మాస్టారికి, అమ్మగారికి, అమ్మాయికి నమస్కారం.*

*చంటి చనిపోయి నాలుగు రోజులైంది. ఆ సాయంత్రం మీరు అడిగిన ప్రశ్నలకు నిలబడి తొందరలో జవాబు చెప్పాను. కూర్చుని చెప్పాల్సినవి కనుక రాస్తున్నాను.*

*మాస్టారూ, ముందే తెలిసి ఉండేదా అని అడిగారు. పూర్తిగా తెలిసేది కాదు. కానీ రెండేళ్ల కిందటి రక్తపరీక్షలో అంకె కొద్దిగా పెరిగి ఉంది. ల్యాబ్ కాగితం నార్మల్ అంది, నేనూ అదే అన్నాను. చంటి పాత రిపోర్టుతో పోల్చి చూసి ఉండాల్సింది. చూసినా జబ్బు నయమయ్యేది కాదు, కొంతకాలం కలిసొచ్చేదేమో. ఇది నా వైపు లోపం, మీది కాదు. మీరు నీళ్ల గిన్నె సంగతి గమనించిన వారంలోనే తీసుకొచ్చారు.*

*అమ్మగారూ, పెరుగన్నం వల్ల ఏమీ కాలేదు. ఆ తర్వాత పది నెలలు మీరు పచ్చసొన తీసి, మందు కలిపి, రోజుకు రెండు పూటలా వండిపెట్టినదే వాణ్ని నిలబెట్టింది. ఆ పది నెలల్లో ఎక్కువ రోజులు వాడు తిన్నాడు, వీధిలోకి నడిచాడు, గేటు దగ్గర పాలవాడి మీద మొరిగాడు. క్యాలెండర్లో టిక్కులున్నాయి, చూడండి.*

*తొందరపడ్డామా అన్నది ఇద్దరూ అడగలేదు కానీ ఇద్దరి మొహాల్లోనూ ఉంది. ఆ వారంలో ఏ రోజు ఒప్పుకున్నా తప్పయ్యేది కాదు. ఇంకో వారం ఆగి ఉంటే వాడు పడే అవస్థ మీరు చూడాల్సి వచ్చేది, వాడికి మాత్రం ఒక్క మంచి రోజు కూడా కలిసొచ్చేది కాదు.*

*అమ్మాయీ, చివర్లో చంటి పెద్దగా ఊపిరి పీల్చాడని నువ్వు భయపడ్డావు. అప్పటికి వాడికి తెలివి లేదు, నొప్పి తెలిసే భాగం మెదడులో అన్నిటికన్నా ముందే ఆగిపోయింది. అది ఒంటి కండరాల కదలిక మాత్రమే. ఆ సంగతి నీకు ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను. వాడికి చివరిగా తెలిసింది నీ ఒడి.*

*పాపకు చంటి చనిపోయాడనే చెప్పండి. ముసలివాడై, ఒంట్లో కిడ్నీలు అనేవి పనిచేయడం మానేశాయని, మందులు చాల్లేదని చెప్పండి. జలుబుకో జ్వరానికో మందు వేస్తే తనకు అలా జరగదని కూడా చెప్పండి, పిల్లలు అది అడగకుండా మనసులో పెట్టుకుంటారు.*

*మీ దగ్గర తెరవని సెలైన్ సీసాలు నాలుగు మిగిలి ఉండాలి. పారేయకండి. అటు వచ్చినప్పుడు నేనే తీసుకుంటాను, వాటి అవసరం ఉన్న కుక్క ఒకటి ఇక్కడ ఉంది.*

*ఇట్లు,*
*మీ డాక్టరు*

సీసాల కోసం వెళ్లింది రెండు వారాల తర్వాత. మాస్టారు అయిదు తెచ్చి ఇచ్చారు. నాలుగని నేను తప్పు లెక్క వేశాను. ఆఖరి రోజు ఇంట్లో ఎక్కించాల్సినది ఎక్కించలేదు కదా, అది కూడా ఉండిపోయిందన్నారు. వాళ్లావిడ లోపలినుంచి కాఫీ తెస్తూ, ఉత్తరం క్యాలెండర్ వెనక పెట్టామని చెప్పారు.